పరిశోధన నిధికి ఒక పేజీ దరఖాస్తు: ‘ఈ అంశమే ఎందుకు?’ అన్న పేరాలో ఏం రాయాలి

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది మరాఠీ మాధ్యమం బడుల్లో చదువుతారు. గోదావరి దాటితే తెలంగాణలోని కాళేశ్వరం, అక్కడి పిల్లలు లెక్కలు తెలుగులో నేర్చుకుంటారు, ఇటువైపు పిల్లలు ఇంట్లో తెలుగులో లెక్కపెట్టి బడిలో మరాఠీలో చెబుతారు. ఇలాంటి బడుల నుంచి పరిశోధన నిధికి తొమ్మిది, పది తరగతుల పిల్లలు పెట్టుకునే దరఖాస్తులు చదువుతుంటాను. అంతా కలిపి ఒక్క పేజీ, అందులోనే లక్ష్యం, పద్ధతి, కాలపట్టిక, ఆశించే ఫలితం అన్నీ రావాలి. వాటికి ముందు ‘ఈ అంశమే ఎందుకు’ అని ఒక చిన్న పేరా అడుగుతారు. దరఖాస్తు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ఎందుకంటే పిల్లలు, వాళ్లకు సాయం చేసే టీచర్లు కూడా, ఆ పేరాను విషయం ఎంత గొప్పదో చెప్పే చోటు అనుకుంటారు. ఇద్దరు అమ్మాయిలు రాసిన మొదటి చిత్తుప్రతి తీసుకోండి. అంశం పేరు ‘మాతృభాష, గణిత విద్య’. భాష లేనిదే జ్ఞానం లేదని మొదలుపెట్టి, జాతీయ విద్యా విధానం 2020 వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంటోందని రాసి, సరిహద్దు పిల్లలు లెక్కల్లో వెనకబడుతున్నారని ముగించారు. విధానం గురించి రాసింది నిజమే. కానీ ఆ పేరాను నాందేడ్‌లో వాళ్లు, బరంపురంలో వాళ్లు, ఎవరు పెట్టుకున్నా సరిపోతుంది. పైగా ‘వెనకబడుతున్నారు’ అని ముందే తేల్చేశాక ఇక పరిశోధించడానికి మిగిలింది ఏమిటి?

అంశాన్ని సమర్థించడం అంటే నా లెక్కలో మూడు విషయాలు చెప్పడం: ఇప్పటిదాకా తెలియనిది కచ్చితంగా ఏది, అది తెలుసుకోవడానికి మీ బడి ఎందుకు సరైన చోటు, తెలిశాక ఎవరు ఏం మార్చుకుంటారు. విషయం ముఖ్యమైనదని కమిటీకి ముందే తెలుసు, దాన్ని ఒప్పించడానికి సగం పేజీ ఖర్చు పెట్టక్కర్లేదు.

ఆ అమ్మాయిలను మూడో తరగతి గదిలో ఒక పూట కూర్చోమన్నాం. అక్కడ వాళ్లకు అసలు అంశం దొరికింది. మేడమ్ 53ను మరాఠీలో ‘త్రేపన్న’ అని చెబితే కొందరు పిల్లలు 35 రాశారు. కారణం ఊహించొచ్చు. తెలుగులో యాభై మూడు అంటాం, రాసేటప్పుడూ 5 ముందు, 3 తర్వాత. మరాఠీలో మూడు ముందు వినిపిస్తుంది, యాభై తర్వాత. విన్న వరుసలో రాస్తే 35 అవుతుంది. ‘ఏకోణసాఠ్’ ఇంకా తిప్పలు పెడుతుంది, అంటే అరవైకి ఒకటి తక్కువ, 59. కానీ చిన్నపిల్లకి మొదట ఒకటి, తర్వాత అరవై వినిపిస్తాయి, 61 రాసేస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, ఆ మాట దరఖాస్తులో ఒప్పుకోవాలి. జర్మన్‌లో కూడా ఒకట్లు ముందు, పదులు తర్వాత చెబుతారు. ఆస్ట్రియాలో ఒకటో తరగతి పిల్లల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, విన్న సంఖ్యను అంకెల్లో రాసేటప్పుడు చేసిన తప్పుల్లో దాదాపు సగం ఈ తారుమారుకు సంబంధించినవే. మన దగ్గర 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో 21కి ‘ఏకవీస్’తో పాటు ‘వీస్ ఏక్’ అని చెప్పే పద్ధతి పెట్టినప్పుడు మహారాష్ట్ర అంతా పెద్ద వాదన జరిగింది. గణిత సమితికి అధ్యక్షత వహించిన మంగళా నార్లీకర్ ఆ మార్పును సమర్థించారు. అంటే ఈ పేర్లు మరాఠీ ఇంటి పిల్లలకు కూడా కష్టమన్న మాట అప్పుడే వచ్చింది. మరి తెలుగు ఇంటి నుంచి వచ్చిన పిల్ల సంగతి? ఆ పిల్లకు దశస్థానం, ఒకట్ల స్థానం అర్థం కాలేదా, లేక అవి తెలిసి కూడా పేరు దగ్గర తడబడుతోందా? ఈ రెండిటినీ విడదీయడమే ఇప్పుడు వాళ్ల ప్రశ్న. రెండు భాషలూ ఒకే పిల్ల నోట్లో ఉన్న బడిలోనే దాన్ని విడదీయగలం. చోటు ఎందుకు సరైనదో చెప్పడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

చివరికి ఆ పేరా ఇలా తయారైంది: “మా మూడో తరగతిలో తెలుగు ఇళ్ల పిల్లలు మరాఠీలో విన్న రెండంకెల సంఖ్యలను తారుమారు చేసి రాయడం చూశాం. ఇది స్థానవిలువ తెలియక జరుగుతోందా, సంఖ్య పేరు వల్ల జరుగుతోందా అన్నది టీచరుకు ఇప్పుడు తెలియదు. ఒకే పిల్లను రెండు భాషల్లోనూ రాయించి చూడగలిగిన బడి మాది. జవాబును బట్టి మూడో తరగతిలో స్థానవిలువ పాఠం మళ్లీ చెప్పాలా, మరాఠీ సంఖ్యల పేర్లను విడిగా సాధన చేయించాలా అన్నది తేలుతుంది.” నాలుగు వాక్యాలే. సంస్కృతి, జ్ఞానం, దేశ భవిష్యత్తు ఏవీ లేవు. అయినా నిధి ఇవ్వాలనిపించింది.

ఇలా రాసిన పేరాతో ఇంకో లాభం ఉంది, మిగతా పేజీ చాలావరకు దాని నుంచే వచ్చేస్తుంది. లక్ష్యం ఒక్క వాక్యం: మరాఠీలో విని తప్పు రాసిన సంఖ్యల్లో ఎన్నింటిని అదే పిల్ల తెలుగులో విన్నప్పుడు సరిగ్గా రాస్తుందో లెక్కించడం. ‘అవగాహన పెంచడం’, ‘అధ్యయనం చేయడం’ లాంటివి లక్ష్యాలు కావు, ఎందుకంటే అవి పూర్తయ్యాయో లేదో ఎవరూ చెప్పలేరు.

పద్ధతి దగ్గర కొంచెం ఆగాలి, చాలా మంచి అంశాలు ఇక్కడ పాడవుతాయి. వాళ్లు రెండంకెల సంఖ్యలు ఇరవై ఎంచుకున్నారు. 44, 55 లాంటివి తీసేశారు, తారుమారైనా తెలియదు కాబట్టి. 30, 40 లాంటి పూర్తి పదులూ వద్దన్నారు. ‘ఏకోణ’తో మొదలయ్యేవి నాలుగు పెట్టారు, వాటిని విడిగా లెక్కించడానికి. సంఖ్యలను ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తారు, మనిషి చదివితే ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గబగబా వస్తుంది. సగం మంది ముందు తెలుగులో, వారం తర్వాత మరాఠీలో రాస్తారు, మిగతా సగం మంది దానికి ఎదురుగా, రెండోసారి వరుస కూడా మార్చి. లేకపోతే రెండోసారి బాగా రాసింది భాష వల్లనా, అలవాటైపోవడం వల్లనా అని అడిగితే జవాబు ఉండదు. తప్పులను నాలుగు రకాలుగా విడదీస్తారు: తారుమారు, ‘ఏకోణ’ తప్పు, పదుల అంకె వేరేది రాయడం, ఖాళీ వదిలేయడం.

అంకెల లిపి సంగతి మాత్రం మొదట ఎవరికీ తట్టలేదు. మరాఠీ మాధ్యమంలో పిల్లలు దేవనాగరి అంకెలు రాస్తారు, ఇంట్లో, దుకాణంలో చూసేవి మామూలు అంకెలు. దేవనాగరి ఒకటి చూడటానికి మన 9 లాగే ఉంటుంది. దిద్దే వాళ్లు ఆ సంగతి మరిచిపోతే 51 రాసిన పిల్ల 59 రాసిందనుకుంటారు. అందుకే పిల్లకు ఏ అంకెలు వస్తే ఆ అంకెలే రాయమని చెప్పి, కాగితం మీద ఏ లిపో గుర్తు పెట్టాలని పద్ధతిలో చేర్చారు. ఇంకో చిక్కు: కొందరు పిల్లలు ముందు 3 రాసి, దానికి ఎడమవైపు చోటు వదిలి, తర్వాత 5 రాస్తారు. కాగితం మీద 53 సరిగ్గానే కనిపిస్తుంది కానీ చెయ్యి కదిలిన వరుస వేరు. ఇది తెలియాలంటే పక్కన నిలబడి చూడాలి. ముప్పై మందిని అలా చూడటం ఇద్దరి వల్ల కాదు, ఐదుగురిని మాత్రమే చూస్తామని రాసుకున్నారు. చేయలేనిది చేస్తామని రాయకపోవడం నాకు బాగా నచ్చింది.

అదే తరగతిలో మరాఠీ ఇంటి పిల్లలు కూడా మరాఠీలో రాయాలి. వాళ్లూ అంతే తప్పులు చేస్తే సమస్య తెలుగు ఇంటిది కాదు, ఆ పేర్లదే. గోండి, మాడియా మాట్లాడే ఇళ్ల పిల్లలు కూడా ఈ జిల్లా బడుల్లో ఉంటారు, ఇంటి భాష ఏదో పేరు చూసి ఊహించకుండా అడిగి రాసుకోవాలి. తల్లిదండ్రుల, హెడ్మాస్టరు అనుమతి తీసుకుని, కాగితాల మీద పేరు బదులు నంబరు వేయాలి. ఖర్చంటారా, జిరాక్స్ కాపీలు, ఒక చిన్న స్పీకరు, అంతే.

కాలపట్టికలో చాలామంది ‘మొదటి నెల, రెండో నెల’ అని రాస్తారు, అది ఏ ఊరికైనా వర్తిస్తుంది. ఇక్కడ జూలై, ఆగస్టుల్లో వాగులు పొంగితే దారులు ఆగిపోతాయి, హాజరు పడిపోతుంది. వారం తేడాతో ఒకే పిల్లతో రెండుసార్లు రాయించాల్సిన పనికి అది చావుదెబ్బ, రెండో వారం రాని పిల్ల మొదటి కాగితం కూడా లెక్కలోకి రాదు. కాబట్టి వానల్లో అనుమతులు, రికార్డింగు. సెప్టెంబరు మొదట్లో నాలుగో తరగతి పిల్లలు ఐదుగురితో ఒక ట్రయల్. ఆ నెలలోనే రెండు వారాల్లో అసలు పని. దీపావళి సెలవుల్లో లెక్కింపు, తిరిగి బడి తెరిచాక టీచరుకు నివేదిక. సెలవుల ముందు పరీక్షల టెన్షన్ మొదలయ్యే లోపే పిల్లలతో పని అయిపోవాలన్నది ఇందులో అసలు లెక్క.

ఆశించే ఫలితం దగ్గర అందరూ చేసే పొరపాటు, జవాబును ముందే ప్రకటించడం. ‘తెలుగులో బాగా రాస్తారని నిరూపిస్తాం’ అని రాస్తే కమిటీ అడగాల్సింది ఒక్కటే: అలా రాకపోతే? వాళ్లు రెండు దారులూ రాశారు. తెలుగులో సరిగ్గా, మరాఠీలో తారుమారుగా వస్తే స్థానవిలువ వచ్చినట్టే, ఆ పిల్లలకు మరాఠీ పేర్ల సాధన కావాలి, ‘ఏకోణ’ సంఖ్యలతో మొదలుపెట్టి. రెండింట్లోనూ తప్పులొస్తే భాషను నిందించి లాభం లేదు, పదుల కట్టలు, విడి పుల్లలతో స్థానవిలువ పాఠం మళ్లీ చెప్పాలి. ఏది వచ్చినా టీచరు చేతికి ఇరవై సంఖ్యల జాబితా, తప్పుల పట్టిక మిగులుతాయి, వచ్చే ఏడాది మూడో తరగతికీ అవే పనికొస్తాయి. చివరన ఒక వాక్యం కలిపారు: ఇది ఒక బడి, ముప్పై మంది పిల్లలు, తాలూకా మొత్తం గురించి ఏమీ చెప్పలేం.

ఆ ఆఖరి వాక్యం దరఖాస్తును బలహీనపరుస్తుందని కమిటీలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోను. చిన్న నిధి, చిన్న బడి, ఎంతవరకు చెప్పగలరో అంతవరకే చెబుతామన్న పిల్లల లెక్కలనే నేను నమ్ముతాను. కమిటీలకు నాది ఒక సూచన కూడా ఉంది. దరఖాస్తు ఫారంలో ‘అంశం ప్రాముఖ్యత’ అన్న గడి తీసేసి, ‘జవాబు తెలిస్తే మీ బడిలో ఎవరు ఏం మార్చుకుంటారు’ అని అడగండి. ప్రాముఖ్యత అని అడిగినంత కాలం పిల్లలు ప్రాముఖ్యతే రాస్తారు.