శుక్రవారం మధ్యాహ్నం బిట్‌కాయిన్‌ని ఎవరో లాగుతున్నారట

“ప్రతి నెలా ఆఖరి శుక్రవారం డెరిబిట్‌లో వేల కోట్ల ఆప్షన్లు ఎక్స్‌పైర్ అవుతాయి. ఆప్షన్లు అమ్మిన తిమింగలాలు ధరని మాక్స్ పెయిన్ దగ్గరికి లాగేస్తాయి. గురువారం రాత్రి చూడు: మాక్స్ పెయిన్ కింద ఉంటే షార్ట్ కొట్టు, పైన ఉంటే లాంగ్ కొట్టు. ఎక్స్‌పైరీ దాటాక ధర దానంతటదే వెనక్కొస్తుంది. ఇది లెక్క, జోస్యం కాదు.”

ఈ ఫార్వర్డ్ శ్రీకాకుళం, విజయనగరం ట్రేడింగ్ గ్రూపులన్నింట్లో తిరుగుతోంది. డెరిబిట్ అంటే క్రిప్టో ఆప్షన్ల ఎక్స్ఛేంజీ, తిమింగలాలంటే భారీ డబ్బుతో ఆడేవాళ్లు. లెక్క అన్నారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం.

ముందే రాసుకున్న ధరకి కొనే హక్కు కాల్, అమ్మే హక్కు పుట్, ఆ ధరే స్ట్రైక్. ఎక్స్‌పైరీకి బిట్‌కాయిన్ ఫలానా ధర దగ్గర ఆగితే, కాల్స్, పుట్స్ చేతిలో ఉన్నవాళ్లందరికీ కలిపి ఎంత చెల్లించాలో కడతారు. ఒక్కో స్ట్రైక్‌కీ ఇలా కట్టి, ఎక్కడ మొత్తం తక్కువ వస్తే అదే మాక్స్ పెయిన్ అంటారు. ఒక చిన్న ఊహా లెక్క వేద్దాం. కాల్స్ 90 వేల డాలర్ల స్ట్రైక్‌లో 200, లక్షలో 300, లక్షా పదివేలలో 500 ఉన్నాయి. పుట్స్ 80 వేలలో 400, 90 వేలలో 300, లక్షలో 100. ఒక్కో కాంట్రాక్టూ ఒక బిట్‌కాయిన్. ధర 80 వేల దగ్గర ఆగితే చెల్లింపు 50 లక్షల డాలర్లు, 90 వేల దగ్గర 10 లక్షలు, లక్ష దగ్గర 20 లక్షలు, లక్షా పదివేల దగ్గర 70 లక్షలు. కాబట్టి మాక్స్ పెయిన్ 90 వేలు.

ఇప్పుడు లక్షా పదివేల స్ట్రైక్‌లోని 500 కాల్స్‌ని 5,000 చేయండి. పట్టికలో కళ్లు చెదిరే గీత అదే అవుతుంది, కానీ మాక్స్ పెయిన్ 90 వేల నుంచి అంగుళం కదలదు. ధర ఆ స్ట్రైక్ దాటేవరకూ ఆ కాల్స్‌కి పైసా రాదు, అందుకని లెక్కలోకే రావు. అంత పెద్ద పందెం ఉన్నా పట్టించుకోని అంకెని “డబ్బు ఎటు ఉందో చెప్పే అంకె” అనడం నాకు మింగుడుపడదు.

ఇంకో మార్పు చేద్దాం. రెండు వారాల్లో ధర 90 వేల నుంచి లక్షకి ఎక్కింది. వచ్చిన లాభం కాపాడుకోడానికి జనం లక్ష స్ట్రైక్‌లో మరో 300 పుట్స్ కొన్నారు. అప్పుడు 90 వేల దగ్గర చెల్లింపు 40 లక్షలవుతుంది, లక్ష దగ్గర 20 లక్షలే ఉంటుంది. మాక్స్ పెయిన్ లక్షకి మారిపోయింది. ధర ముందు వెళ్లింది, అంకె వెనక వచ్చింది. కాంప్లెక్స్‌లో విశాఖ బస్సు ఎక్కడ ఆగితే జనం అక్కడికి పరిగెడతారు. జనం గుమిగూడినచోటే బస్సు ఉంది కదా, వీళ్లే లాక్కొచ్చారంటే ఎలా?

ఏడు రోడ్ల దగ్గర మొబైల్ షాపు నడిపే మా తమ్ముడి వరస కుర్రాడికి ఇదంతా బిల్లు పుస్తకం వెనక రాసి చూపిస్తే, “మరి 2025 మార్చిలో తగిలింది కదా అన్నయ్యా” అన్నాడు. తగిలింది, నిజమే. మార్చి 28 త్రైమాసిక ఎక్స్‌పైరీకి మాక్స్ పెయిన్ 85 వేల డాలర్ల దగ్గర చెప్పారు, ధర కూడా అక్కడికి దగ్గర్లోనే ఉంది. కానీ అంతకుముందు రెండు వారాలూ బిట్‌కాయిన్ అటూ ఇటూగా 82 నుంచి 88 వేల మధ్యనే తిరిగింది. ఆ మధ్యలో ఏ అంకె చెప్పినా దగ్గరగానే ఉండేది. దానికి మూడు నెలల ముందు, 2024 డిసెంబరు 27న, డెరిబిట్‌లో దాదాపు 1,400 కోట్ల డాలర్ల ఆప్షన్లు ఎక్స్‌పైర్ అయ్యాయి. అప్పుడు కూడా చెప్పిన మాక్స్ పెయిన్ 85 వేలే. ధర మాత్రం 95 వేల చుట్టుపక్కలే ఉండిపోయింది. అంత పెద్ద ఎక్స్‌పైరీకి తిమింగలాలు సెలవు పెట్టాయా?

ఆ 1,400 కోట్లనేది కూడా చెల్లించే డబ్బు కాదు. కాంట్రాక్టుల సంఖ్యని బిట్‌కాయిన్ ధరతో గుణిస్తే వచ్చే అంకె. మన మొదటి లెక్కలో 1,800 కాంట్రాక్టులు, 90 వేల ధర: వార్తల్లో దాన్ని 16 కోట్ల 20 లక్షల డాలర్లని రాస్తారు. ధర అక్కడే ఆగితే చేతులు మారేది 10 లక్షలు.

ఇక “అమ్మినవాళ్లు” అనే మాట. వాళ్లంతా ఒక జట్టు కాదు. తన దగ్గరున్న బిట్‌కాయిన్ మీద లక్ష కాల్ అమ్మినవాడికి ధర లక్షా పదివేలకి వెళ్తే కాల్‌లో పోయింది కాయిన్‌లో వస్తుంది, వాడికి నొప్పేమీ లేదు. ఎప్పుడూ కొనడానికీ అమ్మడానికీ సిద్ధంగా ఉండే మార్కెట్ మేకర్ కాల్ అమ్మిన వెంటనే దానికి తగ్గ ఫ్యూచర్స్ కొంటాడు, ధర కదిలినప్పుడల్లా సర్దుకుంటాడు. దీన్నే హెడ్జ్ అంటారు. వాడికి లాభమా నష్టమా అన్నది దారిలో ధర ఎంత ఊగిందన్న దాన్ని బట్టి ఉంటుంది, ఆఖరికి ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి కాదు. పైగా ఓపెన్ ఇంటరెస్ట్ చూస్తే ఎన్ని కాంట్రాక్టులున్నాయో తెలుస్తుంది, ఎవరు ఏ వైపు ఉన్నారో తెలియదు.

ఈ ఫార్వర్డ్‌లో నిజం పాలు కొంత ఉంది, దాన్ని దాచను. ఎక్స్‌పైరీ రోజు ధర ఒక స్ట్రైక్‌కి అతుక్కోవడం అమెరికా షేర్లలో పరిశోధకులు గమనించిందే. మార్కెట్ మేకర్లు ఆ స్ట్రైక్ ఆప్షన్లు కొని ఉంటే, ధర స్ట్రైక్ దాటి పైకెళ్లగానే హెడ్జ్ కోసం అమ్ముతారు, కిందికొస్తే కొంటారు. ధర అక్కడక్కడే తచ్చాడుతుంది. వాళ్లే అమ్మి ఉంటే ఇదంతా తలకిందులు: పెరిగితే కొంటారు, తగ్గితే అమ్ముతారు, ధర స్ట్రైక్ నుంచి ఇంకా దూరం పోతుంది. రెండు సందర్భాల్లోనూ ఆ ప్రభావం ధర పక్కనే ఉన్న స్ట్రైక్ దగ్గరే. ఎక్స్‌పైరీ ముందు గంటల్లో పది వేల డాలర్ల దూరంలో ఉన్న స్ట్రైక్ కోసం ఎవరూ హెడ్జ్ సర్దుకోనక్కర్లేదు. డిసెంబరులో 85 వేలకి లాగే తాడే లేదు.

ఎవరో ఒకడు తన సొంత పొజిషన్ కోసం ధరని నెట్టే ప్రయత్నం చేయొచ్చు. బ్యాంక్ నిఫ్టీ విషయంలో 2025 జులైలో జేన్ స్ట్రీట్ మీద సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు అలాంటి ఆరోపణతోనే వచ్చింది, ఆ సంస్థ కాదంటోంది. కానీ అక్కడి ప్రశ్న ఒక సంస్థ సొంత పుస్తకం గురించి, అందరి ఆప్షన్లూ కలిపిన మొత్తం గురించి కాదు. పైగా డెరిబిట్‌లో ఆఖరి నిమిషం ధర మీద సెటిల్ చేయరు. మన టైము ప్రకారం మధ్యాహ్నం ఒంటి గంట నుంచి ఒంటిగంటన్నర దాకా, అనేక ఎక్స్ఛేంజీల ధరలతో కట్టే సూచీ సగటు తీసుకుంటారు. అరగంటసేపు అన్నిచోట్లా నెట్టి పట్టుకోవాలి.

“వెనక్కొస్తుంది” అన్న మాట ఫార్వర్డ్ రాసినవాడి సౌకర్యం కోసం పెట్టింది. ధర అటు వెళ్తే మాక్స్ పెయిన్ లాగిందంటాడు, ఇటు వెళ్తే దాన్నుంచి విడుదలైందంటాడు.

నమ్మకం పోనివాళ్లు ఇలా చూడండి. ప్రతి బుధవారం రాత్రి ఒకే టైముకి ఆ శుక్రవారం ఎక్స్‌పైరీ మాక్స్ పెయిన్, అప్పటి ధర రెండూ రాసుకోండి. తర్వాత ఆ అంకె మారినా దిద్దకండి. శుక్రవారం ఒంటిగంటన్నరకి వచ్చిన సెటిల్‌మెంట్ ధరకి ఆ రెండింట్లో ఏది దగ్గరగా ఉందో పక్కన వేయండి. బుధవారం నాటి ధరకీ మాక్స్ పెయిన్‌కీ తేడా నూటికి రెండు కంటే తక్కువున్న వారాలు తీసేయండి, అక్కడ రెండూ ఒకటే చెబుతాయి. “బుధవారం ధరే శుక్రవారమూ ఉంటుంది” అన్న గుడ్డి అంచనాని ఏడాది మొత్తం మీద మాక్స్ పెయిన్ స్పష్టంగా ఓడిస్తే, ఆ పట్టిక గ్రూపులో పెట్టండి.