ముందస్తు చెల్లింపుతో ఆదా: బ్యాంకు లేఖలోని అంకెలో సగమే నిజం

గృహరుణంలో కొంత అసలును ముందే కట్టిన వారికి బ్యాంకు నుంచి వచ్చే సందేశంలో రెండు అంకెలు ప్రముఖంగా కనిపిస్తాయి: తగ్గిన నెలలు, ఆదా అయిన వడ్డీ. రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పుపై వేసే రెపో రేటు, దానితోపాటు గృహరుణ వడ్డీ మారుతున్న కాలంలో ఈ రెండింటినీ యథాతథంగా నమ్మకూడదు. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ నెలల్లో రెపోను మొత్తం ఒక శాతం తగ్గించింది. ఆ తగ్గింపు వల్ల రుణగ్రహీతకు ఎలాగూ దక్కాల్సిన ప్రయోజనం కూడా ముందస్తు చెల్లింపు ఖాతాలోకి చేరిపోతోందా అన్నది ప్రతి ఒక్కరూ సరిచూసుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు 40 లక్షల రూపాయల అప్పు తీసుకుంటే నెలవాయిదా 34,713 రూపాయలు. మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా 37.39 లక్షల అసలు మిగిలే ఉంటుంది, ఇంకా 204 వాయిదాలు కట్టాలి. ఈ దశలో వడ్డీ 8 శాతానికి తగ్గింది, అదే నెలలో రుణగ్రహీత 5 లక్షలు ముందస్తుగా కట్టాడు, వాయిదా మొత్తాన్ని మార్చలేదు అనుకుందాం. ఇప్పుడు మిగిలేవి 147 వాయిదాలు. అంటే 57 నెలలు తగ్గాయి. వాటిని వాయిదా మొత్తంతో గుణిస్తే 19.8 లక్షలు వస్తుంది. ఆ అంకెనే ‘మీకు ఆదా’ అని చూపితే సంతోషించని వారుండరు.

ఆ లెక్కలో రెండు లోపాలున్నాయి. మొదటిది తేలికగా పట్టుబడుతుంది. రుణగ్రహీత తన జేబులోంచి తీసి ఇచ్చిన 5 లక్షలు ఆ మొత్తంలోంచి తీసివేయలేదు. అది అసలు మాత్రమే, ఆదా కాదు. తీసేస్తే 14.8 లక్షలు మిగులుతుంది.

రెండో లోపం లోతైనది, దాన్ని పట్టుకోవాలంటే ఒక ప్రశ్న వేయాలి: ఒక్క రూపాయి కూడా ముందస్తుగా కట్టకపోయి ఉంటే, ఈ కొత్త వడ్డీ రేటుతో ఎన్ని వాయిదాలు మిగిలేవి? స్ప్రెడ్‌షీట్‌లో ఈ రెండు సూత్రాలు రాస్తే జవాబు వస్తుంది.

```
=NPER(8%/12,-34713,3739440)
=NPER(8%/12,-34713,3239440)
```

ముందస్తు చెల్లింపు లేకుండా లెక్కించే మొదటిది 190.6, 5 లక్షలు కట్టాక లెక్కించే రెండోది 146.5 చూపిస్తాయి. చివరి వాయిదా పాక్షికమే అయినా అదీ ఒక నెలే కాబట్టి 191, 147గా తీసుకోవాలి. 204 నుంచి 191కి తగ్గిన 13 నెలలు పూర్తిగా వడ్డీ తగ్గింపు పుణ్యమే. 5 లక్షలు సాధించి పెట్టింది 44 నెలలు, దాని వల్ల మిగిలిన వడ్డీ సుమారు 10.3 లక్షలు. లేఖలోని అంకెలో ఇది సగానికి కాస్త ఎక్కువ మాత్రమే.

బ్యాంకుల వాదన కొట్టిపారేయదగినది కాదు. రుణం నిజంగానే 57 నెలలు ముందుగా తీరుతుంది, కాబట్టి చెప్పినది అబద్ధం కాదంటారు. ఏది ముందు లెక్కించాలన్నదీ వివాదమేనని, పాత 8.5 శాతంతో చూస్తే ఆ 5 లక్షలకే 50 నెలలు తగ్గుతాయని చూపుతారు. కానీ రుణగ్రహీత తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటే, డబ్బు కట్టాలా వద్దా అన్నది. కట్టకపోయినా వడ్డీ తగ్గేది, ఆ 13 నెలలు దక్కేవి. కాబట్టి పోలిక ఇవాళ్టి వడ్డీతోనే జరగాలి. ఈ తేడా తెలియని వారు చేతిలో ఉన్న మరో అయిదు లక్షలను అత్యవసర నిధిలో ఉంచుకోవాలా, మళ్లీ రుణానికే కట్టాలా అన్నది తప్పుడు అంకె ఆధారంగా తేల్చుకుంటారు.

అసలు సమస్య ఒక లేఖది కాదు, సమాచారం ఎవరి చేతిలో ఉందన్నది. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం, చరవడ్డీ రుణాలపై మూడు నెలలకోసారి రుణగ్రహీతకు ఇచ్చే వివరాల పత్రంలో అప్పటివరకు వసూలైన అసలు, వడ్డీ, వాయిదా మొత్తం, మిగిలిన వాయిదాలు, వార్షిక వడ్డీ రేటు ఉండాలి. ఇది మంచి నియమమే, కానీ మిగిలిన వాయిదాల సంఖ్య ఎందుకు మారిందో అందులో ఉండదు. అందుకే మిగిలిన వాయిదాల పక్కన ‘ముందస్తు చెల్లింపు లేకపోతే’ అనే మరో గడి తప్పనిసరి చేయాలి. ఈ లెక్క చేయగల సాఫ్ట్‌వేర్ ప్రతి బ్యాంకులోనూ ఉన్నప్పుడు, ఒక గడి చేర్చడానికి సాంకేతిక అడ్డంకేమీ లేదు.

ఆ నియమం వచ్చేదాకా రుణగ్రహీత చెల్లింపుకు ముందూ తర్వాతా ఉన్న వాయిదాల పట్టికలు రెండింటినీ, ఒకే వడ్డీ రేటుతో, రాతపూర్వకంగా అడగాలి. చెల్లించిన తేదీనే అసలు తగ్గిందా, లేక తర్వాతి వాయిదా తేదీకి జమ చేశారా అన్నదీ అందులోనే కనిపిస్తుంది: 5 లక్షలపై 8 శాతం చొప్పున 20 రోజుల జాప్యానికి సుమారు 2,190 రూపాయల వడ్డీ అదనంగా పడుతుంది. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, అక్కడ ఆ రెండు పట్టికలే సాక్ష్యం.