ఉత్తరం పోయి కవరు మిగిలింది

ఎంఎస్ ఆర్థో పూర్తి చేసిన ఒక యువ వైద్యుడు జిల్లా కేంద్రంలో సొంత క్లినిక్ తెరిచాడనుకుందాం. మొదటి నెల రోజుకు నలుగురైదుగురు పేషెంట్లు కూడా రారు. అద్దె, నర్సు జీతం, ఎక్స్‌రే మిషన్ మీద బ్యాంకు కిస్తీ మాత్రం ఆగవు. రెండో నెలలో ఎవరో ఒక సీనియర్ సలహా ఇస్తారు: ‘చుట్టుపక్కల మండలాల ఆర్‌ఎంపీలను పరిచయం చేసుకో, ఒక పీఆర్వోను పెట్టుకో, నెలకోసారి లెక్క చూసి కమిషన్ ఇచ్చెయ్. నెట్‌వర్క్ లేకపోతే ప్రాక్టీసు నిలవదు.’ తెలుగు రాష్ట్రాల్లో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన స్పెషలిస్టుల్లో చాలామందికి ఈ మాట చెవిన పడే ఉంటుంది. అందులో సగం నిజం, సగం నిబంధనల ఉల్లంఘన ఉన్నాయి. ఆ రెండింటినీ వేరుచేసి చూడాల్సిన అవసరం ఉందని మేము భావిస్తున్నాం.

నెట్‌వర్క్ కావాలన్నది నిజం. ఫిజీషియన్ దగ్గరకు వచ్చిన మోకాలి నొప్పి ఆర్థో దగ్గరకు వెళ్లాలి. ఆర్థో చూసిన మనిషికి షుగర్ అదుపులో లేకపోతే మళ్లీ ఫిజీషియన్ దగ్గరకు రావాలి. వైద్యులు ఒకరినొకరు ఎరిగి ఉండటం, ఎవరి చేతికి ఏ పని బాగా వస్తుందో తెలిసి ఉండటం పేషెంటుకే మేలు. అలా పంపినందుకు డబ్బు చేతులు మారడం మాత్రం నిషిద్ధం.

వైద్యుల ప్రవర్తనకు నేటికీ ఆధారం 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలే. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెలలో వాటిని పక్కనపెట్టి, పాతవాటినే తిరిగి అమల్లోకి తెచ్చింది. ఆ పాత నిబంధనల్లోని 6.4 క్లాజు స్పష్టంగా ఉంది. పేషెంటును పంపినందుకు, సిఫారసు చేసినందుకు, తెచ్చిపెట్టినందుకు ప్రతిఫలంగా వైద్యుడు కమిషన్ గానీ, బహుమతి గానీ, బోనస్ గానీ ఇవ్వకూడదు, తీసుకోకూడదు, అడగకూడదు, ఇస్తాననీ అనకూడదు. ఫీజును పంచుకోవడం కూడా నిషిద్ధమే. ల్యాబుకు పంపే రక్తం శాంపిల్‌కూ ఇదే వర్తిస్తుంది. పేషెంట్లను తెచ్చేందుకు ఏజెంట్లను పెట్టుకోవడాన్ని 7.19 క్లాజు విడిగా నిషేధించింది. మన దగ్గర ‘ఫీల్డ్ పీఆర్వో’ అని పిలిచే ఉద్యోగి ఊరూరా తిరిగి పేషెంట్లను మళ్లిస్తుంటే, విజిటింగ్ కార్డు మీద హోదా ఏదైనా అతను చేసేది ఏజెంటు పనే.

‘నేను ఆర్‌ఎంపీకి ఇస్తున్నాను, డాక్టరుకు కాదు కదా’ అని కొందరు సమర్థించుకుంటారు. నిబంధన తీసుకునేవాడి అర్హతను అడగదు. ఇచ్చే వైద్యుడు మండలిలో రిజిస్టరై ఉంటే చాలు, తప్పు అతనిదే. ‘కమిషన్ కాదు, ప్రొఫెషనల్ ఫీజు’ అని ఓచరు రాసినా అంతే. తన పర్యవేక్షణలో వైద్యం చేసే అర్హుడైన వ్యక్తికి జీతం ఇవ్వడానికి మాత్రం అభ్యంతరం లేదు. కాబట్టి ఆ ఫీజు ఏ పనికి ఇచ్చారన్నదే అసలు ప్రశ్న. పంపడం తప్ప వేరే పనేదీ చూపలేకపోతే అది కమిషనే.

పేషెంటు వైపు నుంచి చూస్తే ఇదెలా ఉంటుందో ఒక ఉదాహరణ తీసుకుందాం. యాభై దాటిన ఒక రైతు కూలీ మోకాలి నొప్పితో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లింది. అతను పట్నంలో ఒక ఆస్పత్రి పేరు చెప్పి, ఆటో కూడా మాట్లాడి పంపాడు. అక్కడ ఎంఆర్‌ఐ రాశారు. స్కాన్ ధర 6,000 రూపాయలు అనుకుందాం, అందులో 2,000 పంపినవారికి వెళ్తుందనుకుందాం. ఆ 2,000 స్కానింగ్ సెంటర్ తన జేబులోంచి ఇవ్వదు. అసలు ధరలోనే కలిపి ఉంటుంది. అంటే తనను పంపినందుకు ఆమే డబ్బు కట్టింది, ఆ సంగతి ఆమెకు తెలియదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆ వయసులో వచ్చే చాలా మోకాలి నొప్పులకు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే, చేత్తో చేసే పరీక్ష మొదట సరిపోతాయి. ఎక్స్‌రేలో కమిషన్ తక్కువ, ఎంఆర్‌ఐలో ఎక్కువ అయినప్పుడు నిర్ణయం ఎటు మొగ్గుతుందో పేషెంటుకు తెలిసే దారి లేదు. ఒక్కోసారి వైద్యుడికే తన మనసు ఎటు మొగ్గిందో తెలియకపోవచ్చు. నిబంధన అంత కఠినంగా ఉండటానికి కారణం ఇదే.

పేషెంట్లు గుర్తుపట్టగల ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. చీటీ మీద ఒకే ల్యాబు పేరు ముందుగానే అచ్చువేసి ఉండటం ఒకటి. వేరేచోట చేయించిన కొత్త రిపోర్టును కారణం చెప్పకుండా పక్కనపెట్టి మళ్లీ చేయించమనడం మరొకటి. రిపోర్టు మీద ‘రెఫర్డ్ బై’ అనే గడి ఉంటుంది. రిపోర్టు ఏ వైద్యుడికి చేరాలో చెప్పడానికి పెట్టిన గడి అది, దానిలో తప్పేమీ లేదు. అయితే నెలాఖరు లెక్కలు కూడా ఆ గడి చూసే వేస్తారు. పరీక్ష రాయని మనిషి పేరు అక్కడ కనిపిస్తే పేషెంటు అనుమానించాల్సిందే.

ఆదాయపు పన్ను వైపు కూడా ఈ చెల్లింపులకు దారి మూసుకుపోయింది. పేషెంట్లను పంపిన వైద్యులకు ఇచ్చిన కమిషన్‌ను వ్యాపార ఖర్చుగా చూపిన ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాదనను పంజాబ్, హర్యానా హైకోర్టు 2010లోనే తోసిపుచ్చింది. మందుల కంపెనీలు వైద్యులకిచ్చే కానుకలకు 37(1) సెక్షన్ కింద మినహాయింపు లేదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. తీసుకోవడం నిషిద్ధమైనప్పుడు ఇవ్వడం చట్టబద్ధమైన ఖర్చు ఎలా అవుతుందన్నది ఆ తీర్పుల సారం. లెక్కల్లో చూపలేని డబ్బు నగదుగానే తిరుగుతుంది. కవర్లలో అందుతున్నది ఆ నగదే.

మరి మన యువ వైద్యుడు ఏం చేయాలి? నిబంధనలు అతని చేతులు పూర్తిగా కట్టేశాయన్న మాట సరికాదు. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మార్చినప్పుడు, కొంతకాలం అందుబాటులో లేనప్పుడు, మళ్లీ మొదలుపెట్టినప్పుడు పత్రికల్లో ప్రకటన ఇవ్వవచ్చు. తన ఫీజులెంతో బహిరంగంగా చెప్పవచ్చు. బోర్డు ఉండవచ్చు గానీ అది అతిగా పెద్దదై ఉండకూడదు, తాను పనిచేయని మందుల షాపు మీద వేలాడకూడదు. ప్రజారోగ్యం గురించి సొంత పేరుతో పత్రికల్లో రాయవచ్చు, ఊళ్లో ఉపన్యాసం ఇవ్వవచ్చు. మోకాళ్ల అరుగుదల గురించి చెప్పి ఊరుకుంటే అది ఆరోగ్య బోధన. ‘మా క్లినిక్‌కు రండి’ అన్న క్షణం అది అభ్యర్థన అవుతుంది. ఉచిత శిబిరాలదీ ఇదే గీత. శిబిరంలో చూసినవారికి రాసిచ్చిన కాగితంతో ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ ఉందా, లేక బస్సు నేరుగా ఒకే ఆస్పత్రి గుమ్మం ముందు ఆగుతోందా అన్నది చూస్తే చాలు.

వీటన్నిటికన్నా బలమైన సాధనం అదే నిబంధనల్లో, ఎవరూ పెద్దగా పట్టించుకోని 3.6 క్లాజులో ఉంది. స్పెషలిస్టు దగ్గరకు పేషెంటును పంపే వైద్యుడు కేసు వివరాలు రాసి పంపాలి. స్పెషలిస్టు తన అభిప్రాయాన్ని పంపిన వైద్యుడికి రాతపూర్వకంగా తెలపాలి. అంటే పోతూ ఒక ఉత్తరం, వస్తూ ఒక ఉత్తరం. సంప్రదింపు కోసం పిలిచిన వైద్యుడు సాధారణంగా కేసును తన చేతుల్లోకి లాక్కోకూడదని, పంపిన వైద్యుణ్ణి విమర్శించకూడదని కూడా అదే నిబంధనల్లో మరోచోట ఉంది. పెద్ద ఆస్పత్రికి పంపితే పేషెంటు తిరిగి రాడన్నది చిన్న క్లినిక్ వైద్యుల నిజమైన భయం. కమిషన్ ఆ భయానికి పరిహారంలా కూడా పనిచేస్తోంది. పేషెంటును చూసి, చేసింది రాసి, తిరిగి పంపితే ఆ భయమే ఉండదు.

తిరుగు ఉత్తరం ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. ‘మీరు పంపిన పేషెంటును ఫలానా తేదీన చూశాను. కుడి మోకాలిలో అరుగుదల మధ్యస్థంగా ఉంది. ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేదు. తొడ కండరాల వ్యాయామం నేర్పాను, నొప్పి మాత్ర పది రోజులకే రాశాను. బీపీ ఎక్కువగా ఉంది కాబట్టి ఆ మాత్ర పొడిగించవద్దు. బీపీ మీరు చూడగలరు. ఆరు వారాల తర్వాత నొప్పి తగ్గకపోతే మళ్లీ పంపండి.’ లెటర్‌హెడ్ మీద పది వరుసలు చాలు. దీనివల్ల ఒకే మందును ఇద్దరూ రాసే ప్రమాదం తప్పుతుంది. పంపిన వైద్యుడికి ఈ కొత్త ఆర్థో అనవసరంగా కోత పెట్టడని తెలుస్తుంది. వచ్చే నెల మరో పేషెంటు ఆ నమ్మకంతోనే వస్తాడు. ఇది నిదానంగా పెరిగే పరిచయం, మూడు నెలల్లో క్లినిక్ నిండదు. కిస్తీలు కట్టేవారికి ఆ నిదానం ఎంత భారమో మాకు తెలుసు. అయినా ఐఎంఏ శాఖ సమావేశాల్లో తాను చూసిన కష్టమైన కేసు గురించి చెప్పడం, ఫోన్ చేసిన జూనియర్‌కు రాత్రివేళ కూడా సలహా ఇవ్వడం, ఈ తిరుగు ఉత్తరాలు కలిస్తే ఒక జిల్లాలో పేరు నిలబడుతుంది.

ఇక వ్యవస్థ లోపం. వైద్య మండళ్లకు అధికారం రిజిస్టరైన వైద్యుల మీదే ఉంది, ఆస్పత్రి యాజమాన్యాల మీద లేదు. కవరు ఇచ్చేది పీఆర్వో, తీసుకునేది ఆర్‌ఎంపీ అయినప్పుడు మండలి చేతికి చిక్కేవాడే ఉండడు. దొరికితే జీతానికి పనిచేసే డాక్టరు దొరుకుతాడు, లక్ష్యాలు పెట్టిన యాజమాన్యం దొరకదు. అందుకే ఈ పని మండళ్లకే వదిలేయకూడదు. ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ ప్రభుత్వాల చేతిలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది, తెలంగాణ కేంద్ర చట్టాన్ని స్వీకరించింది. రెఫరల్ చెల్లింపులు చేయబోమన్న హామీని రిజిస్ట్రేషన్ షరతుగా చేర్చాలి. రెన్యువల్ సమయంలో మార్కెటింగ్ ఖర్చుల లెక్కను జిల్లా అధికారులు అడగాలి. ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉన్న ఆస్పత్రులకు ఈ షరతు మొదట పెట్టవచ్చు, ఎందుకంటే అక్కడ బిల్లు కట్టేది ప్రభుత్వమే.

రెండు రాష్ట్రాల వైద్య మండళ్లూ తమ వంతు చేయాలి. ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని 2002 నిబంధనల్లోనే ఉంది. కమిషన్ ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో, ఎన్ని గడువులోగా తేలాయో ఏటా ప్రకటిస్తే ఇచ్చేవారికీ తీసుకునేవారికీ జంకు పుడుతుంది. పత్రికగా మాకూ బాధ్యత ఉంది. వైద్యులు నడిపే ఆస్పత్రి ప్రకటనలో సంస్థ పేరు, చేర్చుకునే రోగుల రకం, సౌకర్యాలు, ఫీజులు తప్ప మరేమీ ఉండకూడదని నిబంధన. ఆ హద్దు దాటే ప్రకటన మా బల్ల మీదకు వస్తే వెనక్కి పంపాలి. జిల్లాల్లోని ఐఎంఏ శాఖలకు మా విన్నపం ఒక్కటే: రెఫరల్ ఉత్తరానికీ, తిరుగు ఉత్తరానికీ ఒక పేజీ నమూనా అచ్చువేసి ప్రతి సభ్యుడికీ ఇవ్వండి. కొత్తగా క్లినిక్ తెరిచిన వైద్యుడికి పీఆర్వో ఫోన్ నంబరు కన్నా ముందు ఆ కాగితం అందాలి.