గాలివాన అని రాస్తే సరిపోదు: పెళ్లి టెంటు కూలినప్పుడు నివేదికలో ఏముండాలి

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయి, సాయంత్రానికి మబ్బు కమ్మి ఒక్కసారిగా ఈదురుగాలి లేవడం తెలుగు రాష్ట్రాల్లో ఏటా చూసేదే. పెళ్లిళ్లు జోరుగా సాగేదీ ఆ రోజుల్లోనే. ఫంక్షన్ హాల్ లోపల చోటు చాలక ఆవరణలో భోజనాలకు వేసిన టెంటు కూలితే, నిర్వాహకుడు బీమా కంపెనీకి పంపే కాగితంలో తరచుగా ఉండేది ఒకే మాట: అకస్మాత్తుగా వచ్చిన గాలివానకు టెంటు కూలిపోయింది. ఈ మాట నిర్వాహకుడికీ, బీమా కంపెనీకీ, దెబ్బలు తగిలిన అతిథికీ ఉపయోగపడదని నా అభిప్రాయం. గాలి వచ్చిందని అందరూ ఒప్పుకుంటారు. తేలాల్సింది రెండు విషయాలు: ఆ గాలికి ఆ టెంటు నిలవాల్సిందా కాదా, నిలవదని అనుమానం వచ్చాక లోపల ఉన్నవాళ్లను ఎన్ని గంటలకు బయటికి పంపారు.

మొదటిదానికి చిన్న లెక్క చాలు. ఉదాహరణకు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న టెంటు తీసుకుందాం. దాని పైకప్పు సుమారు 223 చదరపు మీటర్లు. కట్టడాలపై గాలి ఒత్తిడికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం గంటకు 40 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు ఏడున్నర కిలోల ఒత్తిడి తెస్తుంది, 60 కిలోమీటర్ల గాలి 17 కిలోలు తెస్తుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే ఒత్తిడి రెండు రెట్లు దాటుతుందన్నమాట. టెంటు ఆకారాన్ని బట్టి, పక్కలు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఇందులో కొంత భాగమే కప్పును పైకి లేపుతుంది. సగమే లేపిందనుకున్నా 60 కిలోమీటర్ల గాలికి అది దాదాపు 1.9 టన్నులు. నేలంతా టైల్స్ ఉండి మేకులు దిగని చోట గుంజల అడుగున 50 కిలోల ఇసుక బస్తాలు 16 పెట్టారంటే, ఆ బరువు 800 కిలోలు. గుడ్డ, పైపుల బరువు కలుపుకున్నా ఆ టెంటు నిలిచేది కాదు. పైగా తడిసిన టైల్స్ మీద బస్తా పక్కకు జారడానికి ఇంకా తక్కువ బలం చాలు.

ఈ లెక్కకు సాక్ష్యం నేల మీదే ఉంటుంది, కానీ ఎక్కువసేపు ఉండదు. మర్నాడు ఇంకో పెళ్లికి అదే సామాను కావాలి కాబట్టి టెంటు హౌస్ కుర్రాళ్లు తెల్లవారకముందే తాళ్లు చుట్టి, మేకులు ఏరి బండికెత్తేస్తారు. నష్టం చూడటానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చేసరికి ఖాళీ ఆవరణ మిగులుతుంది. అందుకే ఏదీ కదపకముందు ప్రతి మేకునూ, ప్రతి ముడినీ ఫొటో తీయాలి. మూడడుగుల ఇనుప మేకుకు ఒక్క అడుగు మేరే మట్టి అంటి ఉంటే, అది అంతవరకే దిగిందని అర్థం. కింద రాయి తగిలి ఉండవచ్చు, లేదా కొట్టేవాళ్లు మధ్యలో ఆపేసి ఉండవచ్చు. మేకు నేలలోనే ఉండి తాడు తెగితే ఆ తాడు ఎంత పాతదో చూడాలి. మేకులు, తాళ్లు గట్టిగా ఉండి పైపు వంగితే మాత్రం గాలి నిజంగానే టెంటు తట్టుకోలేనంత బలంగా వీచి ఉండవచ్చు, లేదా కప్పు మీద నీళ్లు నిలిచి ఉండవచ్చు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు మేర గుడ్డ కుంగి సగటున ఐదు సెంటీమీటర్ల లోతు నీళ్లు చేరితే, అది 450 కిలోల బరువు.

వాతావరణం గురించి రాసేటప్పుడు జిల్లా కేంద్రంలో నమోదైన వర్షపాతాన్ని ఎత్తి రాయడం అలవాటుగా మారింది. ఉరుములతో వచ్చే ఈదురుగాలి ఒక ఊళ్లో టెంట్లు పడగొట్టి, పక్క ఊళ్లో ఆకు కూడా కదపకుండా పోగలదు. కాబట్టి మండలంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రంలో నమోదైన గాలి వేగం, మబ్బుల కదలికను చూపే డాప్లర్ రాడార్ ఆ సమయంలో ఇచ్చిన చిత్రం, పెళ్లి వీడియోలో కనిపించే సమయం మూడూ పక్కపక్కన పెట్టాలి. వాతావరణ శాఖ తర్వాతి మూడు గంటలకు ఇచ్చే తక్షణ హెచ్చరిక ఎన్ని గంటలకు వెలువడిందో కూడా రాయాలి, ఎందుకంటే ‘అకస్మాత్తుగా’ అన్న మాట నిలిచేదీ వీగిపోయేదీ అక్కడే. హెచ్చరిక 5.40కి వచ్చి, టెంటు 6.25కి కూలిందనుకుందాం, ఆ 45 నిమిషాల్లో ఎవరు ఏం చేశారన్నది నివేదికలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. వడ్డన ఆపి అందరినీ హాల్లోకి పంపే అధికారం క్యాటరింగ్ వాళ్లకు ఉండదు, టెంటు హౌస్ వాళ్లకూ ఉండదు. పెళ్లివారు మండపంలో ఉంటారు. ఆ పని ఎవరిదో ముందే అనుకోకపోతే 45 నిమిషాలు చూస్తుండగానే గడిచిపోతాయి.

కరెంటు విషయమూ ఇందులోదే. 2019 జూన్ 23న రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లా జసోల్‌లో రామకథ జరుగుతుండగా ఈదురుగాలికి పందిరి కూలి 14 మంది చనిపోయారు, వారిలో కొందరి ప్రాణాలు తీసింది కరెంటు షాక్ అని అప్పటి వార్తలు చెప్పాయి. ఇనుప పైపులకు చుట్టిన సీరియల్ లైట్ల తీగ తెగితే ఆ పైపులోకే కరెంటు రావచ్చు. అందువల్ల మెయిన్ ఎవరు ఆపారు, ఎన్ని గంటలకు ఆపారు, ఆ తర్వాత జనరేటర్ దానంతటదే మొదలైందా అన్నవి గాయాల జాబితా పక్కనే ఉండాలి.

బీమా కంపెనీకి ఇవన్నీ ఎందుకని నిర్వాహకులు విసుక్కుంటారు. పాలసీలో తుపాను, గాలివాన నష్టానికి రక్షణ ఉన్నా, తగిన జాగ్రత్త తీసుకోవాలన్న షరతు కూడా సాధారణంగా ఉంటుంది; మేకు లోతు, హెచ్చరిక సమయం అడిగేది దానికోసమే. తాత్కాలిక నిర్మాణాలను విడిగా పేర్కొంటేనే రక్షణలోకి తీసుకునే పాలసీలూ ఉన్నాయి. ఇక విరిగిన కుర్చీలకు, చిరిగిన గుడ్డకు డబ్బు వచ్చినంత మాత్రాన తల పగిలిన అతిథి ఆసుపత్రి ఖర్చు అందులో రాదు. దానికి మూడో వ్యక్తుల పట్ల బాధ్యతకు సంబంధించిన రక్షణ వేరుగా తీసుకుని ఉండాలి, అది ఎవరి పేరున ఉంది, హాలు యజమానిదా, టెంటు హౌస్‌దా, పెళ్లివారిదా అన్నది నివేదిక మొదటి పేజీలోనే కనిపించాలి.