మామను ‘వీలైతే’ అని అడిగితే

అమెరికాలో ఉన్న మేనల్లుడు చంద్రగిరి దగ్గరి పల్లెలో ఉన్న మామకు ఫోన్ చేసి ఇలా అడిగాడనుకుందాం: “మామయ్యా, మీకు ఇబ్బంది లేకపోతే శనివారం సర్వేయర్ పొలం కొలిచేటప్పుడు వెళ్లగలరా? ఖర్చులు పంపిస్తాను.” మాటలో లోపం లేదు. కానీ అవతలి నుంచి “చూస్తాంలే” అని ముక్తసరిగా ఒక మాట వస్తుంది, లేదా “నేనేమన్నా పరాయోడినా?” అని నిష్ఠూరం వస్తుంది.

మేనల్లుడు మాత్రం పుస్తకం ప్రకారమే నడిచాడు. భాషా పరిశోధకులు పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో రాసి, 1987లో పుస్తకంగా తెచ్చిన మర్యాద సిద్ధాంతం ప్రకారం ప్రతి మనిషికీ ‘ఫేస్’ ఉంటుంది. నలుగురూ తనను మెచ్చాలనే కోరిక అందులో ఒక పక్క, తన దారికి ఎవరూ అడ్డు రాకూడదనే కోరిక ఇంకో పక్క. ఏదైనా పని అడిగితే దెబ్బ తగిలేది ముఖ్యంగా ఆ రెండోదానికే. ఇద్దరి మధ్య దూరం, ఎదుటివారి అధికారం, అడిగే పని బరువు, ఈ మూడూ కలిపి మొత్తం ఎంత పెరిగితే అంత డొంకతిరుగుడుగా అడగాలి. మామ పెద్దవాడు, పనికి ఒక రోజు పోతుంది. కాబట్టి ‘ఇబ్బంది లేకపోతే’, ‘గలరా’.

లెక్క తప్పేది దూరం దగ్గర. దూరాన్ని ముందే ఉన్న కొలతగా తీసుకుంటారు గానీ, అడిగే తీరే దాన్ని పెంచుతుంది. ఖర్చుల ప్రస్తావనతో మామ కాస్తా కూలికి పిలిచిన మనిషైపోయాడు. అదే పనిని ఆ ఊళ్లో ఇలా అడుగుతారు: “మామా, శనివారం సర్వేయర్ వస్తాడంట. నువ్వే దగ్గరుండి రాళ్లు నాటించాల. ఆ గట్టు సంగతి నాకేం తెలుసు?” పిలుపు, కారణం, సూటిగా పని, చివర తన అశక్తత. ఇందులో బరువును తగ్గించే మాట ఒక్కటీ లేదు. బరువంతా మామ మీద పెట్టడమే ఇక్కడ గౌరవం. జపాన్ భాషలోనూ ఇలాంటిదే ఉందని భాషా పరిశోధకురాలు యోషికో మాత్సుమోతో 1988లో చూపించారు: ‘మీ దయ’ అని ఎదుటివారి మీద భారం వేయడమే అక్కడ మర్యాద.

అయితే బ్రౌన్, లెవిన్సన్ చెప్పింది ఇంగ్లీషువాళ్ల సిద్ధాంతమని కొట్టిపారేయడం అన్యాయం. వాళ్లు పరిశీలించిన మూడు ప్రధాన భాషల్లో ఒకటి కోయంబత్తూరు ప్రాంతపు పల్లె తమిళం. కులాన్ని బట్టి మాట ఎలా మారుతుందో కూడా వాళ్లు పట్టించుకున్నారు. ‘మనది సూటి భాష’ అని మురిసిపోయేవాళ్లు ఈ సంగతే మరిచిపోతారు. పనిమనిషితో “ఆ గిన్నెలు కడుగు” అనడమూ సూటిదనమే. అందులో ఆత్మీయతెంతో, అధికారమెంతో తేలాలంటే ఆమె తిరిగి అదే తీరులో అడగగలదా అని చూడాలి. మేనల్లుడి విషయానికొస్తే, మామ కూడా రేపు “రేయ్, పిల్లోడికి ఆ కాలేజీ సంగతి నువ్వే చూడాల” అనగలడు.

సర్వేయర్‌తో మాట్లాడేటప్పుడు అదే మామ “సార్, రవంత ముందుగా వస్తారా?” అంటాడు. అక్కడ బ్రౌన్, లెవిన్సన్ లెక్క దాదాపు సరిపోతుంది. ‘నువ్వే చూడాల’ అనేది చెల్లేది ముందునుంచీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నచోటే. పదేళ్లుగా పలకరింపు లేని చుట్టానికి ఆ మాటే చెబితే, పని పడినప్పుడే గుర్తొచ్చామా అంటాడు.