గుడాలు ఉడకకుంటే విజిల్‌ను అడగొద్దు

"విజిల్ లెక్క గుర్తుంచుకోండి: పెసరపప్పు 2, కందిపప్పు 3, శనగపప్పు 4, నానబెట్టిన శనగలు 6. ఇన్ని వచ్చినా శనగలు గట్టిగనే ఉంటే ఉప్పు ముందే వేసినట్టు, లేదంటే కల్తీ సరుకు, లేదంటే మన నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు. ఇంకో 4 విజిల్స్ పెట్టండి. అయినా ఉడకకుంటే పారెయ్యండి."

వంటింటి చిట్కా లెక్క ఈ మాట మన దిక్కు బాగ తిరుగుతున్నది. దాంట్ల ముందు విజిల్ లెక్క సంగతి చూద్దాం. లోపలి ఆవిరి ఒత్తిడి వెయిట్ బరువును మించితే వెయిట్ లేస్తది, మిగులు ఆవిరి కూతపెట్టుకుంట బయటికి పోతది. మన ఇండ్లల్ల కుక్కర్లకు ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దగ్గర ఉంటది, అప్పుడు లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతది. గింజను మెత్తగ చేసేది ఆ వేడి, ఆ వేడిలో గింజ గడిపిన నిమిషాలు. కూతలకు గడియారానికి సంబంధం లేదు. పెద్ద మంట మీద ఆరు విజిల్స్ ఐదారు నిమిషాలల్ల అయిపోవచ్చు. అదే కుక్కర్‌ను సిమ్‌లో పెడితే ఆ ఆరింటికి అరగంట పట్టొచ్చు. రెండిట్లనూ లెక్క ఆరే, కానీ ఒకదాంట్ల గుడాలు పలుకు, ఇంకోదాంట్ల మెత్తన.

మరి కందిపప్పుకు ఈ లెక్క ఎట్ల పనిచేస్తున్నది? అది పొట్టు తీసిన బద్ద, పల్చగ ఉంటది, నీళ్లు తొందరగ లోపలికి పోతయి. పైగా ఎక్కువ ఉడికినా నష్టం లేదు, ఎట్లాగూ ఎనిపేదే కదా. పప్పు మన తప్పును దాచిపెడ్తది. పొట్టుతోని ఉన్న గుండు శనగ దాచదు. అందుకే కుక్కర్‌తో వచ్చే చిన్న పుస్తకాలల్ల మామూలుగ నిమిషాలే రాసి ఉంటయి: మొదటి విజిల్ దాకా పెద్ద మంట, తర్వాత మంట తగ్గించి అక్కడి నుంచి టైం చూసుకోవాలె. రాత్రంతా నానిన నల్ల శనగలకు అట్ల 15 నుంచి 20 నిమిషాలు, నానిన కందిపప్పుకు ఏడెనిమిది, పెసరపప్పుకు మూడు నాలుగు. మంట ఆర్పినంక వెయిట్‌ను గరిటెతో లేపి ఆవిరి తియ్యొద్దు. తనంతట తాను దిగే ఆ పది నిమిషాలూ శనగ ఉడుకుతనే ఉంటది.

ఉప్పు మీద పడ్డ నింద మాత్రం పూర్తిగ తలకిందుల మాట. నానబెట్టేటప్పుడే లీటరు నీళ్లకు రెండు చెంచాల ఉప్పు వేస్తే పొట్టు మెత్తబడ్తది, ఎందుకంటే ఉప్పులోని సోడియం పొట్టులోని కాల్షియంను కొంత తప్పించి ఆ జాగల కూర్చుంటది. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లల్ల ఉడికించాలె. గట్టిపరిచేది ఉప్పు కాదు, పులుపు. చింతపండు పులుసు, టమాట ముందే వేస్తే శనగ మొండికేస్తది. శనగ ఉడికినంకనే అవి పడాలె.

ఇగ నీళ్లు. ఇక్కడ సగం నిజం ఉన్నది, అందుకే ఈ మాట ఇంతగ తిరుగుతున్నది. ఫ్లోరైడ్ అంటే మర్రిగూడ, మునుగోడు దిక్కు మనుషుల ఎముకలు వంగిన కథ. దాన్ని తేలికగ తీసుకునేటోళ్లు ఈ జిల్లాల ఎవరూ లేరు. కానీ శనగను గట్టిగ ఉంచేది ఫ్లోరైడ్ కాదు. గింజలోని కణాలను అంటిపెట్టే జిగురు పెక్టిన్. అది వేడికి కరిగితేనే గింజ మెత్తబడేది. నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి ఆ జిగురును పట్టుకొని కరగనియ్యవు. సబ్బు నురగ రాని, గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే బోరు నీళ్లంటే ఇవే. ఇంకో విచిత్రం ఏందంటే, కాల్షియం దండిగ ఉన్న నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండలేదు, రెండూ కలిసి గట్టిపడి అడుగుకు దిగుతయి. కాబట్టి ఫ్లోరైడ్ బాగా ఉన్న బోర్లల్ల కాల్షియం తక్కువుండుడే మామూలు. అట్లని ఆ నీళ్లతోని వంట చెయ్యమని కాదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడ్తది.

మా చిన్నమ్మ వాళ్లు నల్లగొండ నడుమ కిరాయింట్ల ఉన్నన్ని రోజులు కృష్ణా నల్లా నీళ్లే వాడిన్రు. ఊరి బయట ఇల్లు కట్టుకొని బోరు నీళ్లకు మారినంక గుడాలు ఉడుకుడు బందయింది. కిరాణా కొట్టు అదే, కుక్కర్ అదే. తప్పు కొట్టోనిదని ఆమె కోపం. "చిన్నమ్మా, ఒక్కసారి రెండు గిన్నెల పరీక్ష పెట్టరాదూ" అన్న.

ఒకే పొట్లంలోని శనగలను రెండు భాగాలు చెయ్యాలె. ఒక భాగం ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లల్ల, ఇంకోటి బోరు నీళ్లల్ల రాత్రి నానబెట్టాలె. పొద్దున వాటిని అవే రకం నీళ్లతోని రెండు స్టీలు గిన్నెలల్ల పోసి, రెంటినీ ఒకే కుక్కర్‌ల పక్కపక్కన పెట్టాలె, కుక్కర్ అడుగున కూడ నీళ్లు పోయాలె. గిన్నెలల్ల కాబట్టి ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ. మంట ఒకటే, ఒత్తిడి ఒకటే, టైం ఒకటే. తేడా వస్తే అది నీళ్లదే. చిన్నమ్మ ఇంట్ల ఫిల్టర్ గిన్నెలోని శనగ రెండు వేళ్ల మధ్య నలిగి ముద్దయింది. బోరు గిన్నెల శనగలు ఉబ్బినయి, పొట్టు పగిలింది, కొరికితే లోపల పలుకు. కిరాణాయన బచాయించిండు.

ఫిల్టర్ లేకుంటే, ఫ్లోరైడ్ బాధ లేని బోరు నీళ్లనైతే బాగా మరిగించి, చల్లార్చి, పైతేట వంచుకొని వాడొచ్చు. బైకార్బొనేట్ రూపంలో ఉన్న కాల్షియం మరిగితే తెల్లగ అడుగుకు దిగుతది. సల్ఫేట్, క్లోరైడ్ రూపంలో ఉన్నది దిగదు, అప్పుడు ఉడికేటప్పుడు గిలాసెడు శనగలకు పావు చెంచా వంట సోడా వెయ్యాలె. అంతకు మించితే సబ్బు వాసన వస్తది, బి1 విటమిన్ కూడ పోతది.

రెండు గిన్నెలల్లనూ గట్టిగనే ఉంటే అప్పుడు సరుకును చూడాలె, అప్పుడైనా అది కల్తీ కానక్కర లేదు. మన ఎండకాలం వేడిల, వానకాలం చెమ్మల నెలల తరబడి బస్తాల ఉన్న శనగ లోపలే మారిపోతది. దాంట్లోని ఫైటేట్ విరిగి, అది పట్టుకున్న కాల్షియం, మెగ్నీషియం విడుదలై అదే జిగురును బిగిస్తయి. అసుంటి శనగ బాగనే నానుతది, ఉబ్బుతది, కానీ ఉడకదు. రాత్రంతా నానినా ఉబ్బకుండ గులకరాయి లెక్క ఉండిపోయే గింజలు వేరే. వాటి పొట్టు నీళ్లనే లోపలికి రానియ్యదు. కుక్కర్ ఎక్కించే ముందే వాటిని ఏరెయ్యాలె, లేదంటే మెత్తటి గుడాల నడుమ అవే పంటికి తగులుతయి.

ఇంకో నాలుగు విజిల్స్ వల్ల టైం తక్కువైన శనగకు మేలు జరుగుతది, నిజమే. నీళ్ల వల్ల, పాతబడుడు వల్ల గట్టిపడ్డదానికి ఆ కాస్త టైం చాలదు. పైగా ప్రతి కూతకు ఆవిరి పోయి నీళ్లు తగ్గుతయి, అడుగంటుతది. పొట్టు నురగతోని లేచి ఆవిరి గొట్టానికి అడ్డం పడొచ్చు, అందుకే పప్పులు వండేటప్పుడు కుక్కర్ సగానికి మించి నింపొద్దు.

పారేసుడు ఎందుకు? పాత శనగలు ఇంట్ల మిగిలితే రాత్రి నానబెట్టి, ఉబ్బనివి ఏరేసి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్రతోని పలుకుగ రుబ్బి సన్న మంట మీద గారెలు వేసుకోండి. రుబ్బుడుతోనే గింజ చిన్న ముక్కలైతది కాబట్టి నూనె వేడికే ఉడుకుతది.