వారం వంట ఆటోమేషన్ అంటూ తిరుగుతున్న ఫార్వర్డ్‌కి నా జవాబు

"వంటింటి టెన్షన్‌కి గుడ్‌బై! 1. ఏడు రోజుల మెనూ ఒక్కసారి రాసుకోండి, ఇక ప్రతి వారం అదే. 2. సరుకుల లిస్టు ఒక్కసారి చేసి యాప్‌లో వారం వారం ఆటో ఆర్డర్ పెట్టేయండి, డబ్బాలు తెరిచి చూసే పనే లేదు. 3. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారానికి సరిపడా అన్నం, పప్పు, కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టేయండి. తినేముందు వేడి చేస్తే క్రిములన్నీ చచ్చిపోతాయి. 4. ప్రతి పనికీ ఫోన్‌లో అలారం పెట్టండి. 5. ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. పది మందికి పంపండి."

ఈ నెలలో ఇది నాకు ఆరోసారి వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, కజిన్స్ గ్రూపులో మూడుసార్లు, నిన్న మా పెద్దొదిన విడిగా "నువ్వు ఇలాంటివి చేస్తావు కదా చూడు" అని పంపింది. అవునొదినా చేస్తాను, మూడేళ్ళుగా మా నలుగురి ఇంట్లో వారం వంటా సరుకులూ ఒక గూగుల్ షీట్ మీదే నడుస్తున్నాయి, అందుకే ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది.

ఐదోది వదిలేద్దాం. ఎవరి ఖర్చులో సగమో, దేంతో పోల్చి సగమో చెప్పనప్పుడు దానికి జవాబు లేదు.

మూడోది మాత్రం వదలను. మిగతావాటితో డబ్బో టైమో పోతుంది, దీంతో మనుషులు ఆస్పత్రి పాలవుతారు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు మామూలుగానే ఉంటాయి. కుక్కర్‌లో ఉడికినా అవి చావవు, గట్టి పెంకులో ముడుచుకుని ఉండిపోతాయి. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మళ్ళీ లేచి పెరుగుతాయి, పెరుగుతూ ఒక విషం వదులుతాయి. ఆ విషం వేడికి పోదు. మైక్రోవేవ్‌లో పొగలు వచ్చేదాకా వేడి చేసినా బాక్టీరియా చస్తుంది గానీ అది అప్పటికే వదిలిన విషం అన్నంలో అలాగే ఉంటుంది. "వేడి చేస్తే చచ్చిపోతాయి" అని రాసినవాళ్ళకి ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఆ లైను రాసేవాళ్ళు కాదు.

వాసన రాలేదు కాబట్టి బాగానే ఉంది అనుకోవద్దు, ఈ విషానికి వాసనా రుచీ ఉండవు. నేను దగ్గరనుంచి చూశాను. మా అక్క కూతురు కొత్తగా ఉద్యోగంలో చేరి ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఫ్లాట్‌లో ఉంటోంది, ఇలాంటి మెసేజే చూసి ఆదివారం పెద్ద గిన్నెడు అన్నం వండి సాయంత్రం దాకా గట్టు మీద ఉంచి, చల్లారాక మూత పెట్టి గిన్నెతో సహా ఫ్రిజ్‌లోకి తోసింది. బుధవారం మధ్యాహ్నం అదే అన్నం వేడి చేసుకుని తిన్నారు. మూడు గంటలు తిరక్కుండా ఒకదాని తర్వాత ఒకటి వాంతులు. అన్నం నీళ్ళూడిందా, జిగురొచ్చిందా అని అడిగితే "లేదు పిన్నీ, పొడిపొడిగానే ఉంది" అంది. డాక్టర్‌ అడిగిన మొదటి ప్రశ్న కూడా అన్నం ఎప్పటిది అనే.

తప్పు రెండు చోట్ల జరిగింది. గట్టు మీద అన్ని గంటలు ఉంచడం ఒకటి. పెద్ద గిన్నెతో పెట్టడం రెండోది, ఎందుకంటే పైన చల్లబడినా మధ్యలో ముద్ద ఇంకా చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది, ఫ్రిజ్ గిన్నె చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది గానీ గిన్నె నడిమధ్యకి దాని చలి అందడానికి గంటలు పడుతుంది. అన్నం మిగిలితే వెడల్పాటి పళ్ళెంలో రెండు వేళ్ళ మందాన పరిచి, గంటలో చల్లార్చి, చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయాలి. అంతకన్నా ఉంచాలంటే అలాగే చల్లార్చి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి, కింద అరలో కాదు. కూరలూ పప్పూ అయితే ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉంటే మూడు రోజులు, మహా అయితే నాలుగు. కరెంటు గంటలు గంటలు పోయే ఊళ్ళో ఆ లెక్క కూడా నమ్మకండి.

దీనికి గ్రూపులో వెంటనే వచ్చే మాట "మన అమ్మమ్మలు చద్దన్నం తినలేదా" అని. తిన్నారు, ఒక్క రాత్రి, మజ్జిగో నీళ్ళో పోసి పులియబెట్టి, తెల్లారి పొలానికి వెళ్ళే ముందు తిన్నారు. ఆదివారం వండింది శుక్రవారం దాకా ఏ అమ్మమ్మా పెట్టలేదు. వాళ్ళ పేరు దీనికి వాడకండి దయచేసి.

ఇక రెండోది. డబ్బా తెరిచి చూడకుండా ఆర్డర్ ఇవ్వడం అంటే ఇంట్లో ఎంతుందో లెక్కలోకే తీసుకోకపోవడం. మా ఇంట్లో కందిపప్పు చెప్తాను. వారంలో రెండు రోజులు పప్పు, రోజుకి 200 గ్రాములు, ఒకరోజు సాంబారుకి 150, పప్పుచారుకి 50, మొత్తం 600. ఫార్వర్డ్ ప్రకారం "వారానికి ఒక కిలో ప్యాకెట్" అని ఆటో ఆర్డర్ పెడితే వారానికి 400 మిగులుతుంది, పది వారాలకి అదనంగా నాలుగు కిలోలు. వానాకాలంలో ఆ నాలుగు కిలోల సంగతి నేను చెప్పక్కర్లేదు, డబ్బా అడుగున పిండిలా రాలి గింజలకి చిన్న చిన్న చిల్లులు కనిపిస్తే అప్పటికే పురుగు పట్టినట్టు.

నా షీట్‌లో ప్రతి సరుక్కీ B నుంచి E దాకా నాలుగు గళ్ళు. వారానికి కావలసింది, ఎప్పుడూ ఇంట్లో ఉండాల్సింది, ఇప్పుడు ఇంట్లో ఉన్నది, ప్యాకెట్ సైజు, అన్నీ గ్రాముల్లో. ఐదో గడిలో కొనాల్సింది దానంతట అదే వస్తుంది:

```
=CEILING(MAX(0, B2+C2-D2), E2)
```

కందిపప్పుకి కావలసింది 600, ఉండాల్సింది 300, ఉన్నది 700, ప్యాకెట్ 500. 900లో 700 పోగా 200 తక్కువైంది, కాబట్టి ఒక అరకిలో ప్యాకెట్. తర్వాతి వారం ఇంట్లో 600 ఉంటుంది, మళ్ళీ అరకిలో. ఆ పైవారం 500, తర్వాత 400, రెండుసార్లూ అరకిలోనే. ఐదో వారం ఉన్నది 300కి పడిపోతుంది, అప్పుడు షీట్ కిలో చూపిస్తుంది, వండాక మళ్ళీ 700. ఐదు వారాల్లో కొన్నది మూడు కిలోలు, వండిందీ మూడు కిలోలే. ఆటో ఆర్డర్ అయితే ఐదు కిలోలు కొనేవాళ్ళం.

దీనికి మనిషి చేయాల్సిన పని ఒక్కటే, శనివారం పొద్దున డబ్బాలు తెరిచి ఉన్నది రాయడం. మా ఇంట్లో అది మావారి పని, పదిహేను నిమిషాలు పడుతుంది. ఫార్వర్డ్ సరిగ్గా ఆ పదిహేను నిమిషాలే తీసేయమంటోంది! గురువారం పెళ్ళికెళ్ళి ఇంట్లో వండకపోతే ఆ పప్పు డబ్బాలోనే ఉంటుంది, అది శనివారం చూస్తేనే తెలుస్తుంది, యాప్‌కి ఎవరు చెప్తారు? ఆకుకూరలు ఈ సరుకుల లెక్కలో పెట్టకండి, వాటికి నిల్వ అనేది లేదు, వండే ముందురోజో ఆ పొద్దునో రైతుబజార్‌లో తెచ్చుకునేవే.

మొదటిదాని దగ్గర సగం ఒప్పుకుంటాను, సోమవారం పప్పు, మంగళవారం వేపుడు, గురువారం పులుసు అని రోజుకో రకం కట్టేయడం మంచి పనే, పొద్దున్నే "ఇవాళ ఏం కూర" అనే గొడవ పోతుంది. కానీ రకం కట్టాలి గానీ వంటకం కట్టకూడదు. మా పప్పులో నాలుగు ఆకుకూరలు తిరుగుతాయి, పాలకూర, తోటకూర, గోంగూర, బచ్చలి. పులుసులో మూడు, బెండకాయ, ఆనపకాయ, ములక్కాడ. వేపుడులో ఐదు, దొండకాయ, బంగాళదుంప, చేమదుంప, అరటికాయ, కాకరకాయ. ఏ వారం ఏది అనేది షీటే చూసుకుంటుంది, A1లో వారం నంబరు, పక్కన ఆ వారం ఆకుకూర, Menu అనే ట్యాబ్‌లో B2 నుంచి B5 దాకా ఉన్న నాలుగు పేర్లలోంచి:

```
=INT((TODAY()+2-DATE(2024,1,1))/7)
=INDEX(Menu!B2:B5, MOD($A$1,4)+1)
```

నాలుగు, మూడు, ఐదు అని వేరు వేరు లెక్కలు పెట్టడంలోనే కిటుకుంది. మొదట్లో అన్నిట్లో నాలుగేసి పెట్టాను, పాలకూర వచ్చిన వారమల్లా బెండకాయ పులుసే వచ్చేది, రెండో నెలకే పిల్లలు కనిపెట్టేశారు. ఇప్పుడు పన్నెండు వంటకాలతోనే, ఆ మూడూ కలిసి మళ్ళీ అదే వరసలో రావడానికి 60 వారాలు పడుతుంది. ఇంకో సంగతి, ఆ +2 తీసేయకండి. 2024 జనవరి 1 సోమవారం కాబట్టి వారం సోమవారం మారుతుంది, ఆ +2 లేకపోతే శనివారం కొనడానికి కూర్చున్నప్పుడు షీట్ అయిపోయిన వారం లిస్టు చూపిస్తుంది. నేను అలా ఒకసారి గోంగూర వారానికి తోటకూర తెచ్చుకున్నాను.

నాలుగోది, అలారాలు. ఇది కూడా కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను, రాస్తూ రాస్తూ ఆలోచిస్తే ఇందులో వాళ్ళదే కరెక్టు. మా ఇంట్లో ప్లాన్ తప్పిన రోజులన్నీ సరుకు లేక తప్పినవి కాదు, నానబెట్టడం మర్చిపోయి తప్పినవి. షీట్‌లో శనగలు ఉన్నాయి, డబ్బాలో శనగలు ఉన్నాయి, పొద్దున చూస్తే గిన్నెలో లేవు. అలారం పెట్టాకే అది ఆగింది. అయితే పెట్టాల్సింది "వంట చెయ్యి" అని కాదు, వంటకి ముందురోజు పనికి. శుక్రవారం రాత్రి తొమ్మిదికి శనగలు. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి దోసెలకి మినప్పప్పూ బియ్యం నానబెట్టడం, ఒక పాలు పప్పుకి మూడు పాళ్ళు బియ్యం, ఆరింటికి రుబ్బడం, రాత్రంతా బయట. ఎండాకాలంలో రాత్రి పదికల్లా పొంగి గిన్నె దాటేస్తుంది, అందుకని ఏప్రిల్ నుంచి రుబ్బే అలారం రాత్రి తొమ్మిదికి జరుపుతాను, డిసెంబర్‌లో నాలుగింటికి తెస్తాను. ఆ పిండి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులుంటుంది, బుధవారానికి పులుపెక్కితే ఉల్లిపాయ పచ్చిమిర్చి వేసి ఊతప్పాలు, అది కూడా షీట్‌లో బుధవారం టిఫిన్ గడిలో రాసే ఉంది.

పెద్దొదినా, నువ్వు పంపాలనుకుంటే కనీసం మూడో పాయింటైనా పూర్తిగా తీసేసి పంపు. ఇప్పటికే పంపినవాళ్ళకి ఈ రాత్రే ఫోన్ చేసి అన్నం సంగతి చెప్పు, ఇవాళ ఆదివారం, ఎవరో ఒకరు వండే ఉంటారు.